మూడు కొటేషన్లు, లక్ష టిక్కీలు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల రోడ్ల వెంట కిటికీలు లేని పెద్ద పెద్ద గోడలు కనిపిస్తాయి. అవి కోల్డ్ స్టోరేజీలు. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే వాటి ముందు మిర్చి టిక్కీల లారీలు బారులు తీరతాయి. యజమానులకు ఆ రోజుల్లోనే మరో పని కూడా పడుతుంది. సరుకు లోపలికి చేరేలోగా బీమా పాలసీ చేయించాలి. టేబుల్ మీద మూడు కంపెనీల కొటేషన్లు ఉంటాయి. చేతిలో కాలిక్యులేటర్ ఉంటుంది. అన్నిటికంటే తక్కువ ప్రీమియం ఎవరిదో చూసి సంతకం పెట్టేస్తే అరగంటలో పని అయిపోతుంది.

ఈ అరగంట పనికి వారం రోజులు తీసుకునే బ్రోకర్లూ ఉన్నారు. వాళ్లు యజమానికి ఇచ్చేది పది పన్నెండు పేజీల పోలిక నివేదిక. అందులో ప్రీమియం అంకె కోసం మొదటి పేజీలో వెతికితే దొరకదు. అది చివర్లో ఎక్కడో ఉంటుంది. ముందు పేజీలన్నీ మూడు ప్రశ్నలకు జవాబులు. ఏ నష్టానికి కంపెనీ డబ్బు ఇవ్వదు? ఇచ్చే నష్టానికి ఎంత వరకే ఇస్తుంది? అందులో మొదటి వాటా యజమాని ఎంత భరించాలి? బీమా భాషలో వీటిని మినహాయింపులు, పరిమితులు, డిడక్టబుల్ అంటారు. ఆఫీసుల్లో చివరిదాన్ని ఎక్కువగా 'ఎక్సెస్' అనే పిలుస్తారు.

అలాంటి నివేదిక ఎలా ఉంటుందో చూడటానికి ఒక కోల్డ్ స్టోరేజీని ఊహించుకుందాం. నాలుగు చాంబర్లు. ఒక్కో చాంబర్‌లో పాతిక వేల టిక్కీలు, మొత్తం లక్ష. టిక్కీ నలభై కిలోలు, క్వింటాలు 15,000 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 60 కోట్లు. భవనం, యంత్రాలు కలిపి ఇంకో 12 కోట్లు. స్టోరేజీ, కొటేషన్లలోని అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. మిగతా పద్ధతంతా బీమా రంగంలో నిజంగా నడిచేదే.

ఈ 72 కోట్ల అంకెతోనే ఒక విషయం తేలిపోతుంది. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి, ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటి 50 కోట్ల లోపు ఉంటే 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష' అనే ప్రామాణిక పాలసీ ఉంది. ఆ పరిధిలో ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా మూల షరతులు ఒకటే. యాభై కోట్లు దాటితే ఆ రక్షణ లేదు. అక్కడ కంపెనీకి, కంపెనీకి మాటలు మారతాయి. 'ఫైర్ పాలసీయే కదా, అన్నీ ఒకటే' అనే మాట చిన్న రైస్ మిల్లు విషయంలో చాలావరకు చెల్లుతుందేమో గానీ, నిండిన కోల్డ్ స్టోరేజీకి చెల్లదు.

మూడు కొటేషన్లు వచ్చాయి. జీఎస్టీ కలపకుండా మొదటి కంపెనీ 7.4 లక్షలు అడిగింది. రెండోది 9.1 లక్షలు. మూడోది 11.2 లక్షలు. సరుకుకు 60 కోట్లు, భవనం, యంత్రాలకు 12 కోట్లు అని మూడింటిలోనూ ఒకే బీమా మొత్తం ఉంది. యజమాని చూపు మొదటి కొటేషన్ దగ్గరే ఆగడం సహజం.

నివేదికలో బ్రోకర్ రాసిన మొదటి వాక్యం మాత్రం ధర గురించి కాదు. 'ఈ సరుకు ఎవరిది?' అన్న ప్రశ్న అది.

లక్ష టిక్కీల్లో యజమాని సొంతవి ఒక్కటీ లేకపోవచ్చు. కొన్ని రైతులవి, కొన్ని వ్యాపారులవి. యజమాని అద్దె తీసుకుని, బాండు రాసిచ్చి దాచిపెడుతున్నాడు. ఇలా ఇతరుల తరఫున ఉంచుకున్న సరుకును, పాలసీలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, సాధారణ ఫైర్ పాలసీ తన పరిధిలోకి రానివ్వదు. 'నమ్మకం మీద లేదా కమీషన్ మీద ఉంచిన సరుకు' కూడా కలిపి అని ఒక్క వాక్యం ఉండాలి. రెండో, మూడో కొటేషన్లలో ఆ వాక్యం ఉంది. మొదటిదానిలో 'స్టాక్స్: 60 కోట్లు' అని మాత్రమే ఉంది. అంకె పెద్దదే. కానీ అగ్ని ప్రమాదం జరిగాక ఆ టిక్కీలు ఎవరివన్న ప్రశ్న వస్తే, అరవై కోట్ల వరస మొత్తం వాదనలో పడుతుంది. ప్రీమియం తగ్గించడానికి ఆ వాక్యం తీసేశారని అనుకోనక్కర్లేదు. కొటేషన్ తయారుచేసినవాడు ఇది మామూలు గోదాము అనుకుని ఉండవచ్చు. అయినా యజమానికి జరిగే నష్టం ఒకటే.

రెండో విషయం ఇంకా విచిత్రమైనది. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న స్టాండర్డ్ ఫైర్ అండ్ స్పెషల్ పెరిల్స్ పాలసీ మినహాయింపుల జాబితాలో కోల్డ్ స్టోరేజీ పేరు పెట్టి మరీ ఒక నిబంధన ఉంది. ఉష్ణోగ్రత మారడం వల్ల కోల్డ్ స్టోరేజీలోని సరుకుకు జరిగే నష్టం చెల్లించబడదు. అంటే మంట అంటుకుని కాలిన టిక్కీకి డబ్బు వస్తుంది. అదే మంటలో కంప్రెసర్ గది కాలి, చల్లదనం ఆగిపోయి, పక్క చాంబర్‌లో చెమ్మ పట్టి బూజెక్కిన టిక్కీకి రాదు. ఏ వ్యాపారం కోసం ఈ భవనం కట్టారో, ఆ వ్యాపారానికే ప్రత్యేకమైన నష్టాన్ని మూల పాలసీ పక్కన పెట్టేస్తుంది.

దీనికి విరుగుడు ఉంది, అదనపు ప్రీమియం కట్టి తీసుకోవాలి. పాలసీ పరిధిలోని ప్రమాదం వల్ల సొంత ప్రాంగణంలోని శీతల యంత్రాలు దెబ్బతిని సరుకు పాడైతే ఒక అదనపు కవర్. అలాంటి ప్రమాదమే విద్యుత్ సంస్థ కేంద్రంలో జరిగి, కరెంటు ఆగి సరుకు పాడైతే ఇంకొకటి. యంత్రం దానంతటదే చెడిపోతే ఈ రెండూ పనిచేయవు. దానికి మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ, దానికి జతగా సరుకు చెడిపోవడానికి ఇచ్చే వేరే పాలసీ కావాలి. మామూలు కరెంటు కోతకు ఇవేవీ వర్తించవు, దానికి జనరేటరే దిక్కు.

మొదటి కొటేషన్‌లో ఈ అదనపు కవర్లు ఏవీ లేవు. రెండోదానిలో రెండూ ఉన్నాయి, కానీ రెండూ కలిపి 50 లక్షల పరిమితి. మూడోదానిలో 2 కోట్ల వరకు ఉన్నాయి.

మొదటి కొటేషన్ ఎందుకు చౌకో మరో చోట కూడా తెలుస్తుంది. అందులో తుపాను, గాలివాన, వరద ముప్పులను తొలగించి రాయితీ ఇచ్చారు. ఇలా తొలగించడం చట్టబద్ధమే. కొండ మీద ఉన్న ఫ్యాక్టరీకి అర్థవంతం కూడా. కానీ 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర. గుంటూరు అక్కడికి దూరమేమీ కాదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో చూసినవాళ్లకు ఈ రాయితీ రుచించదు.

ఇప్పటికి నివేదికలో సగం పేజీలు అయ్యాయి. మొదటి కొటేషన్ దాదాపు పోటీ నుంచి తప్పుకున్నట్టే. కానీ మంచి బ్రోకర్ అక్కడితో ఆపడు. 'మినహాయింపులు సరిచేయమని మొదటి కంపెనీనే అడిగితే పోలా?' అని యజమాని అడుగుతాడని అతనికి తెలుసు. అందుకే పరిమితులు, ఎక్సెస్ కూడా పక్కపక్కన పెట్టి ఒక ప్రమాదాన్ని మూడు కొటేషన్ల మీదుగా నడిపిస్తాడు. ఈ నివేదికలో అసలు పని అదే.

ఆ ప్రమాదం ఇలా ఉంటుంది. జూన్ నెల. ఒక చాంబర్‌లో విద్యుత్ వైరింగ్ దగ్గర నిప్పు పుట్టింది. మిర్చి భగ్గున మండటం కంటే లోలోపల రాజుకుంటుంది. ఘాటు పొగకు అగ్నిమాపక సిబ్బంది లోపలికి వెళ్లలేరు, మంట పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. ఆ చాంబర్‌లోని 15 కోట్ల సరుకులో 12 కోట్ల విలువ పోయింది. కంప్రెసర్ గదికి మంట పాకి చల్లదనం ఆగింది, పక్క చాంబర్‌లో 2 కోట్ల సరుకు చెమ్మకు పాడైంది. కాలి, తడిసి ముద్దైన టిక్కీలను తీసి పారబోయడానికి 30 లక్షలు అయింది. భవనం, యంత్రాల సంగతి పక్కన పెడితే మొత్తం 14.30 కోట్లు.

మొదటి కంపెనీ రైతుల సరుకు వాక్యం చేర్చిందనే అనుకుందాం. అయినా ఆ కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో మరో మాట ఉంది. ఒక్కో చాంబర్‌కు గరిష్ఠంగా 10 కోట్లు. మొత్తం 60 కోట్ల బీమా ఉన్నా, నిప్పు ఒక్క చాంబర్‌కే పరిమితమైతే పది దాటదు. పక్క చాంబర్ చెమ్మ నష్టానికి సున్నా. శిథిలాల తొలగింపు పాత ఫైర్ పాలసీ ఒరవడిలోనే క్లెయిములో ఒక శాతం, అంటే 10 లక్షలు. మొత్తం 10.10 కోట్లు. ఎక్సెస్ క్లెయిములో 5 శాతం, అంటే 50 లక్షల పైమాటే. చేతికొచ్చేది సుమారు 9.60 కోట్లు. యజమాని జేబులోంచి పోయేది 4.70 కోట్లు.

రెండో కంపెనీకి చాంబర్ పరిమితి లేదు. కాలిన సరుకుకు 12 కోట్లు పూర్తిగా వస్తాయి. చెమ్మ నష్టానికి 50 లక్షలు, శిథిలాలకు 25 లక్షలు. ఎక్సెస్ ఎంత నష్టమైనా 5 లక్షలే. చేతికి 12.70 కోట్లు. లోటు 1.60 కోట్లు.

మూడో కంపెనీ అన్ని నష్టాలనూ ఒప్పుకుంటుంది. 12, 2, 30 లక్షలు, ఏదీ పరిమితికి తగలదు. కానీ ఎక్సెస్ దగ్గర కథ మారుతుంది. క్లెయిములో 10 శాతం, కనీసం 25 లక్షలు. అంటే 1.43 కోట్లు కోత. చేతికి 12.87 కోట్లు. రెండోదానికంటే ఏటా 2.1 లక్షలు ఎక్కువ కట్టించుకుని, ఇంత పెద్ద ప్రమాదంలో అదనంగా ఇచ్చేది 17 లక్షలు. విశాలమైన కవర్ అని గొప్పగా కనిపించినదంతా ఎక్సెస్ తిరిగి పట్టుకుపోయింది.

శాతంలో చెప్పే ఎక్సెస్ ఇలాగే మోసం చేస్తుంది. పది శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది, నష్టం పెరిగేకొద్దీ అది కూడా పెరుగుతుంది. పైగా 'కనీసం' అన్న మాట చిన్న నష్టాలను మింగేస్తుంది. ఈసారి 40 లక్షల చిన్న మంట అనుకోండి. మూడో కంపెనీ కనీసం 25 లక్షలు కోసుకుని 15 లక్షలు ఇస్తుంది. రెండోది 35 లక్షలు ఇస్తుంది. మొదటి కొటేషన్‌లో 5 శాతానికి కనీసం లక్ష మాత్రమే ఉంది కాబట్టి 2 లక్షలు పోగా 38 లక్షలు ఇస్తుంది. అంటే చిన్న మంటలో అన్నిటికంటే చౌకదే నెగ్గుతుంది! బ్రోకర్ ఈ సంగతి దాచకుండా రాయాలి. మొదటి కంపెనీ చెడ్డదని తేల్చడం నివేదిక పని కాదు. ఏ నష్టాన్ని యజమాని తన డబ్బుతో తట్టుకోగలడో, ఏది తట్టుకోలేడో విడదీయడమే పని. రెండు మూడు లక్షలు పోతే ఈ స్టోరేజీ మూతపడదు. 4.70 కోట్లు పోతే, పైగా అది రైతులకు ఇవ్వాల్సిన డబ్బయితే, ఇంటి ముందు జనం కూర్చుంటారు.

మూడో కొటేషన్‌లో ఇంకో ముల్లు ఉంది. వారంటీల పేజీ. బీమాలో వారంటీ అంటే యజమాని ఇచ్చిన మాట. దాన్ని తప్పితే కంపెనీ క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంటుంది. 'చాంబర్ గోడల్లో మండే గుణమున్న ఇన్సులేషన్ వాడలేదు' అని ఒక వాక్యం. ఈ భవనం గోడల్లో ఉన్నది థర్మోకోల్. అంటే సంతకం పెట్టిన రోజే మాట తప్పినట్టు. బ్రోకర్ స్వయంగా వెళ్లి గోడలు చూడకపోతే ఇది కాగితం మీద ఎప్పటికీ బయటపడదు. అక్షరాలా అమలు చేయలేని వారంటీ ఉన్న పాలసీకి ఎంత విశాలమైన కవర్ ఉన్నా అక్కరకు రాదు.

విద్యుత్ పరికరాల సంగతి మూడింటిలోనూ ఒకటే. షార్ట్ సర్క్యూట్ అయిన ప్యానెల్ బోర్డుకు ఫైర్ పాలసీ డబ్బు ఇవ్వదు. దాని నుంచి పాకిన మంటలో కాలినవాటికి ఇస్తుంది. 'షార్ట్ సర్క్యూట్ అయితే పాలసీ రాదట' అని యార్డులో చెప్పుకునే మాటలో నిజం అంతవరకే.

ఇక ధరల సంగతి. మిర్చి బీమాలో కష్టమంతా ఇక్కడే ఉంది. క్వింటాలు ఇరవై వేలు దాటిన ఏడూ చూశాం. 2025 ఆరంభంలో పడిపోయిన ధరకు కేంద్రం మార్కెట్ జోక్యం కింద 11,781 రూపాయలు ప్రకటించిన ఏడూ చూశాం. సరుకు పెట్టినప్పుడు 15,000 ఉన్న ధర జూన్‌కు 20,000 అయిందనుకోండి. లోపల ఉన్నది ఇప్పుడు 80 కోట్ల సరుకు, బీమా 60 కోట్లకే. అంటే మూడొంతులకే. నాలుగో వంతుకు యజమానే బీమాదారు అని కంపెనీ లెక్క వేస్తుంది. దీన్నే యావరేజ్ అంటారు. పాత ధరలో 12 కోట్ల నష్టం కొత్త ధరలో 16 కోట్లు అవుతుంది, వచ్చేది అందులో మూడొంతులు, 12 కోట్లు. తక్కువ బీమా 15 శాతం లోపు ఉంటే ఈ కోత వేయబోమని రెండో, మూడో కొటేషన్లు రాసిచ్చాయి, మొదటిది రాయలేదు. కానీ ఇక్కడ తేడా 25 శాతం కాబట్టి ఆ సడలింపు కూడా ఆదుకోదు. ధర పెరిగిన వారమే బ్రోకర్‌కు ఫోన్ చేసి బీమా మొత్తం పెంచుకోవాలి. సరుకు నెలనెలా మారుతుంది కాబట్టి డిక్లరేషన్ పాలసీ అడగవచ్చు. గరిష్ఠ విలువకు ముందే ప్రీమియం కట్టి, నెలవారీ విలువలు తెలియజేస్తూ పోతే ఏడాది చివర కొంత వెనక్కి వస్తుంది. అది కట్టినదాంట్లో సగానికి మించదు.

నివేదిక చివరి పేజీలో బ్రోకర్ సిఫారసు రాశాడు. రెండో కంపెనీ. కానీ ఉన్నదున్నట్టు కాదు. చెమ్మ నష్టం పరిమితిని 50 లక్షల నుంచి 2 కోట్లకు, శిథిలాల పరిమితిని 25 నుంచి 50 లక్షలకు పెంచమని అడిగి, ఎంత అదనం అవుతుందో తెప్పించాడు. మరో 80 వేలు, మొత్తం 9.9 లక్షలు. ఇప్పుడు అదే ప్రమాదాన్ని మళ్లీ నడిపిస్తే 14.30 కోట్లలో 5 లక్షలు పోగా 14.25 కోట్లు చేతికి వస్తాయి.

యజమాని చదివి ఒక్క ప్రశ్నే వేశాడట. "మొదటిదానికంటే రెండున్నర లక్షలు ఎక్కువ కదండీ?"

"లక్ష టిక్కీలండీ. టిక్కీకి రెండున్నర రూపాయలు" అన్నాడు బ్రోకర్.

ఇక్కడ చదువరికి ఒక అనుమానం రావాలి, వస్తే మంచిదే. బ్రోకర్‌కు కమీషన్ వచ్చేది ప్రీమియంలోంచే కదా, ఎక్కువ ధర ఉన్నది అంటగట్టడా? ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. బ్రోకర్ చట్టం దృష్టిలో కొనేవాడి తరఫు మనిషి. అయినా అతనికి డబ్బు కంపెనీ నుంచే వస్తుంది. ఈ కొటేషన్ మీద నీకెంత వస్తుందని వ్యాపారి అడిగితే బ్రోకర్ చెప్పి తీరాలి, నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమావళిలో ఆ బాధ్యత ఉంది. మూడు కొటేషన్ల పక్కన ఆ అంకెలు కూడా తనంతట తానే రాసిచ్చే బ్రోకర్ నివేదికను మరింత ధైర్యంగా నమ్మవచ్చు. అన్నిటికంటే ఖరీదైనదాన్ని అతను ఎందుకు వద్దన్నాడో కూడా రాసి ఉందా లేదా అన్నది రెండో పరీక్ష.

సిఫారసు చదివి ఊరుకుంటే కవర్ రాదు. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా కంపెనీ ముప్పును భుజాన వేసుకోకూడదు. యజమాని ఆ సాయంత్రమే డబ్బు పంపాడు. నాలుగు రోజుల తర్వాత పాలసీ కాపీ వచ్చింది. బ్రోకర్ దాన్ని కొటేషన్‌తో వరస వరసా కలిపి చూశాడు. ప్రీమియం సరిగ్గా ఉంది, ఎక్సెస్ సరిగ్గా ఉంది, పెంచిన పరిమితులు ఉన్నాయి. ఇతరుల తరఫున ఉంచిన సరుకు అన్న వాక్యం మాత్రం టైపింగులో ఎగిరిపోయింది. వెంటనే కంపెనీకి మెయిల్ పెట్టి, పాలసీ మొదలైన తేదీ నుంచే వర్తించేలా ఎండార్స్‌మెంట్ రాయించాడు. అప్పటికి మొదటి చాంబర్‌లో పద్నాలుగు వేల టిక్కీలు చేరి ఉన్నాయి.